ఊటీ హోటల్ గదికి ఎన్ని వాట్ల హీటర్ కావాలి?

(బెంగళూరు ఆఫీసు టేబుల్, ల్యాప్‌టాప్‌లో గది ప్లాన్)

నమస్కారం అండీ. బెంగళూరులో ఏసీ డిజైన్ చేసే మన తెలుగువాళ్లకి కూలింగ్ లోడ్ కొట్టిన పిండే. ఊటీలో హోటల్ పని వస్తే మాత్రం చాలామంది అదే ఎక్సెల్ షీట్ తెరిచి, ఉష్ణోగ్రతలు తిరగేసి, ఎండని, మనుషుల్ని, లైట్లని లెక్కలోంచి తీసేస్తారు. అంతవరకు సరే. చలి ఎక్కువగా కొరికేది తెల్లవారుజామున కాబట్టి ఎండ సాయం రాదు. పొరపాట్లు జరిగేది గాలి దగ్గర, స్విచ్ ఆఫ్ చేసే వేళల దగ్గర.

(తెర మీద: 5 మీ × 4 మీ × 3 మీ మూల గది)

ఈ గది మధ్య అంతస్తులో ఉంది. పైనా కిందా వెచ్చని గదులే, బయటికి రెండు గోడలు, ఒక కిటికీ. లోపల 21 డిగ్రీలు కావాలి, బయట 3 అనుకుందాం, అంటే తేడా 18. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 24 చదరపు మీటర్లు, U విలువ సుమారు 2. సింగిల్ గ్లాస్ 3 చదరపు మీటర్లు, U దాదాపు 5.7. రెండూ కలిపితే డిగ్రీకి 65 వాట్లు. 18 డిగ్రీలకి 1170 వాట్లు.

ఇక గాలి. పాత చెక్క ఫ్రేముల కిటికీ కాబట్టి గంటకి ఒకసారి గది గాలి మొత్తం మారుతుందనుకుందాం, అంటే 60 ఘనపు మీటర్లు. అనుమానముంటే కిటికీ అంచున అగరబత్తి పట్టుకుని చూడండి, పొగ ఎటు వంగుతుందో అదే చెబుతుంది. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంకో 80 బయటికి లాగుతుంది. ఈ రెండిటినీ కలిపి 140 అని రాసేస్తారు చూడండి, అది తప్పు. ఫ్యాన్ లాగే గాలి కూడా ఆ సందుల్లోంచే రావాలి కదా! అందుకని సందుల గాలికి ఫ్యాన్ గాలిలో సగం కలపాలి, ఆ మొత్తం ఫ్యాన్ గాలి కంటే తక్కువైతే ఫ్యాన్ అంకెనే తీసుకోవాలి. 60, 40 కలిపి 100.

ఆ వంద ఘనపు మీటర్లని దేనితో గుణించాలి? సముద్రమట్టం దగ్గర 0.33. ఊటీ ఉన్నది దాదాపు 2240 మీటర్ల ఎత్తున, అక్కడి గాలి సుమారు నాలుగో వంతు పలచన. కాబట్టి 0.25 చాలు. 100 × 0.25 × 18 = 450 వాట్లు. మొత్తం 1620.

(కట్: వెచ్చబడని గది, గోడ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్)

1620 వాట్ల హీటర్ కొంటే సరిపోతుందా? రోజంతా ఆన్‌లో ఉంచితే సరిపోతుంది. హోటల్లో ఎవరుంచుతారండీ! పొద్దున 7కి ఆపి సాయంత్రం 5కి వేస్తారు. ఈలోగా గోడలు చల్లబడిపోతాయి. గెస్టులు 7కి వచ్చేసరికి గాలి 20 చూపిస్తుంది, గోడ మీద గురిపెడితే 14. మంచం మీద కూర్చున్న మనిషికి అది 17లాగే ఉంటుంది. రిసెప్షన్‌కి ఫోన్ కొట్టి మరో రగ్గు అడుగుతాడు. థర్మోస్టాట్ తప్పేం లేదు, గోడలు తాగిన వేడిని ఎవరూ లెక్కలో వేయలేదు.

బ్రిటిష్ భవన సేవల ఇంజనీర్ల సంస్థ సిబ్సీ గైడ్ పద్ధతిలో దీనికో గుణకం ఉంది:

```
F = 24 r / (H r + 24 − H)
```

H అంటే ముందస్తు వేడితో కలిపి హీటర్ నడిచే గంటలు. మనకి సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా 14. r అంటే గది ఉపరితలాలు వేడిని పీల్చుకునే జోరు, బయటికి పోయే వేడికి ఎన్ని రెట్లో. లోపలి అడ్డుగోడలు, నేల, సీలింగ్ కూడా ఇందులోకి వస్తాయి. ఇటుక, కాంక్రీట్ గది కాబట్టి ఇక్కడ దాదాపు 5. అప్పుడు 120ని 80తో భాగిస్తే 1.5. 1620 కాస్తా 2430 అయింది, 2.5 కిలోవాట్ల యూనిట్ తీసుకోవాలి. H 24 పెట్టి చూడండి, F ఒకటే వస్తుంది. అదే మీ చెక్. ఖర్చు తగ్గిద్దామని 10 గంటలే నడిపితే దాదాపు 1.9 అవుతుంది, కరెంటులో మిగిలేది యూనిట్ ధరలో పోవచ్చు. ఆఫ్ చేసే బదులు పగలు 16 దగ్గర నిలబెడితే ఇంత అదనం అక్కర్లేదు. నేనైతే అదే సలహా ఇస్తాను.

హీట్ పంప్ అయితే డబ్బా మీది కిలోవాట్లు సాధారణంగా బయట 7 డిగ్రీలున్నప్పటివి. 3 దగ్గర మంచు పట్టి డీఫ్రాస్ట్ అవుతూ అంత ఇవ్వదు, అక్కడ ఎంతిస్తుందో చూపే టేబుల్ కంపెనీని అడగండి.

బాయిలర్ సైజుకి మాత్రం గదుల లెక్కలన్నీ అలాగే కూడకండి. గాలి ఒకవైపు గదుల్లోంచి దూరి రెండోవైపు నుంచి పోతుంది, కాబట్టి సందుల గాలి మొత్తంలో సుమారు సగమే భవనానికి వేయాలి. ఫ్యాన్ల గాలికి ఈ తగ్గింపు లేదు. అన్ని గదులూ ఒకేసారి ఆన్ కావని 1.5ని కూడా కోసేయాలనిపిస్తుంది. టూరు బస్సులు దిగే హోటలైతే ఆ పని చేయొద్దు, అక్కడ అందరూ ఒకేసారి వస్తారు, గీజర్లూ అప్పుడే తిప్పుతారు.