పట్టుచీర, నూలుచీర మెషిన్‌లో ఉతకాలంటే: మడత, వల సంచి, స్పిన్

[దగ్గరి షాట్: మెషిన్‌లోంచి తీస్తున్న చీర, తాడులా మెలిపడి ఉంది]

ఈ చీరను చూడండి. తాడు పేనినట్టు ఎలా మెలిపడిపోయిందో! ఐదున్నర మీటర్ల గుడ్డను విడిగా డ్రమ్‌లో పడేస్తే ఇలాగే అవుతుంది. డ్రమ్ తిరిగేకొద్దీ ఒక కొస ఇంకో కొసకు చుట్టుకుంటుంది, స్పిన్‌లో ఆ మెలి బిగుసుకుంటుంది. పట్టు తడిస్తే దాని దారం బలం తగ్గుతుంది. నూలు దారం మాత్రం తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. అందుకే అదే మెలికను నూలుచీర తట్టుకుంటుంది, పట్టుచీరలో దారాలు పక్కకు జరిగి సన్నటి చారలు పడతాయి. ఆ చారలు ఇస్త్రీ చేసినా పోవు.

కాబట్టి మన పనంతా చీర మెలిపడకుండా చూసుకోవడమే.

[షాట్: బల్ల మీద మూడు చీరలు]

ముందు ఏ చీరలు మెషిన్‌లో వెయ్యకూడదో చెప్తాను. జరీ ఎక్కువగా ఉన్న కంచిపట్టు వద్దు. పూసల పని, అద్దాల పని ఉన్నవీ వద్దు. ‘డ్రై క్లీన్ మాత్రమే’ అని ట్యాగ్ ఉంటే వెయ్యనే వెయ్యకండి. గద్వాల చీర దగ్గర కూడా ఆగండి. దాని ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ముడుచుకుపోయి పట్టు అలాగే ఉండిపోతే అంచు పొడవునా ముడతలు తేలతాయి. జరీ తక్కువగా ఉన్న మెత్తటి పట్టుచీర, ఒకటి రెండు సార్లు చేత్తో ఉతికిన నూలుచీర, ఈ రెండూ వెయ్యవచ్చు.

[దగ్గరి షాట్: తెల్ల గుడ్డతో అంచును ఒత్తడం]

ఎర్ర అంచున్న పసుపుపచ్చ మెత్తటి పట్టుచీర తీసుకుందాం. తెల్ల నూలుగుడ్డ తడిపి, బట్టలుతికే లిక్విడ్ ఒక చుక్క వేసి, అంచు లోపలి వైపు ఒక నిమిషం గట్టిగా ఒత్తి పట్టుకోండి. ఒడలి మీద, కొంగు మీద కూడా విడివిడిగా ఇలాగే చూడండి, ఎందుకంటే మూడింటి అద్దకం వేరు కావచ్చు. గుడ్డకు ఎరుపు అంటిందా, ఆ చీర మెషిన్‌కు పనికిరాదు. ఎరుపు పసుపులోకి దిగితే తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

[షాట్: పైనుంచి, చీర మడత పెట్టడం]

ఇక మడత. పిన్నులు తీసెయ్యండి. చీరను నిలువుగా నాలుగు పొరలుగా మడవండి. తర్వాత దాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ, ఒక్కో మడత జానెడున్నర ఉండేలా వదులుగా వేసుకుంటూ పోండి. కొంగు కుచ్చులు మధ్యలోకి రావాలి. బయట ఉంటే సంచి కన్నాల్లో చిక్కుకుని దారాలు లాగేస్తాయి.

సన్న కన్నాల వల సంచి తీసుకోండి. చీర పెట్టాక సంచిలో మూడో వంతు ఖాళీగా ఉండాలి. కుక్కితే లోపలి మడతల్లోకి నీళ్లు సరిగా వెళ్లవు, సబ్బు తెల్లటి మరకల్లా మిగిలిపోతుంది. మరీ పెద్ద సంచైతే మడత విడిపోయి, లోపలే మళ్లీ మెలిపడుతుంది. జిప్ చివర దాచే ఎలాస్టిక్ ఉంటే అందులోకి దూర్చండి. ఒక్కో సంచికి ఒక్కటే చీర.

[దగ్గరి షాట్: మెషిన్ ప్యానెల్]

ప్యానెల్ మీద ‘Delicates’ లేదా ‘Silk’ ఎంచుకోండి. ఇందులో డ్రమ్ కాసేపు తిరిగి, ఎక్కువ సేపు ఆగుతుంది. చల్లటి నీళ్లు పెట్టండి, 30 డిగ్రీలు దాటకూడదు. స్పిన్ 400 దగ్గర పెట్టండి, కుదిరితే పూర్తిగా తీసేయండి. పట్టునూ నూలునూ ఒకే విడతలో వెయ్యకండి, జీన్స్, తువ్వాళ్లు అసలే వద్దు.

సబ్బు విషయంలో పట్టుకు మామూలు పొడి వద్దు. పట్టు కూడా ప్రొటీనే. మరకలు కొరికే ఎంజైమ్ ఉన్న పొడి ఆ ప్రొటీన్‌నే కొరుకుతుంది, మెరుపు పోయి గుడ్డ గరుకవుతుంది. క్లోరిన్ బ్లీచ్ పడితే పట్టు ఏకంగా కరిగిపోతుంది. ఉన్ని, పట్టు కోసం అమ్మే లిక్విడ్ ఒక చీరకు రెండు టీ స్పూన్లు చాలు. నురగ ఎక్కువైతే ఈ సైకిల్‌లో సరిగా జాడించుకోదు.

నూలుచీరకు మామూలు లిక్విడ్ సరిపోతుంది. గంజి ఉంటే ముందు పది నిమిషాలు చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి సంచిలో పెట్టండి. ఇంకో మాట: నూలు ఫాల్‌ను కుట్టించే ముందే తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో ఫాల్ ముడుచుకుని, అడుగంచు చుట్టూ ముడతలు పడతాయి.

[షాట్: సంచి విప్పి చీర తియ్యడం]

మెషిన్ ఆగగానే తియ్యండి. తడి మడతలు ఒకదాని మీద ఒకటి అలాగే ఉండిపోతే ముదురు రంగు పక్క పొరకు అంటుతుంది. చీరను పిండొద్దు. లావుపాటి కర్ర మీద నీడలో పరచండి, సన్న తాడైతే మధ్యలో గీత పడుతుంది. పట్టుచీరలో కాస్త చెమ్మ ఉన్నప్పుడే, తిరగేసి, సిల్క్ వేడి మీద ఇస్త్రీ చెయ్యండి.