పాత బావిలో దోమలు: ఆయిల్ బాల్ వేయాలా, చేపలు వదలాలా?

[దృశ్యం: నల్గొండ దగ్గర ఒక పాత వ్యవసాయ బావి. పైనుంచి కెమెరా నీళ్ల మీదికి దిగుతుంది.]

నమస్తే. బోర్లు వేసుకున్నాక మన దిక్కు ఇలాంటి బావులను పట్టించుకునేవాళ్లు లేరు. నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. వానాకాలంలో గుడ్డు నుంచి దోమ ఎగిరేదాకా పట్టేది వారం, పది రోజులే. అంటే ఈ బావిలోంచి వారం వారం కొత్త దోమలు లేస్తుంటాయి.

[క్లోజప్: తెల్ల మగ్గులో నీళ్లు, కదులుతున్న లార్వాలు.]

ముందు నీళ్లు చూద్దాం. బకెట్ దించగానే ఆ నీడకే లార్వాలు కిందికి మునుగుతాయి. అందుకే రెండు నిమిషాలు ఆగి, బావి నడిమధ్యన కాకుండా గోడ వెంబడి, చెత్త తేలుతున్న చోట ముంచండి. ఇదిగో, తల కిందికి పెట్టి వేలాడుతున్నది క్యూలెక్స్ లార్వా. తోక దగ్గర ఉన్న చిన్న గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీల్చుకుంటోంది. నీటికి సమాంతరంగా పడుకున్నట్టు ఉంటే అనాఫిలిస్, మలేరియా దోమ. కామా గుర్తులా వంకరగా ఉన్నది ప్యూపా. ఇది ఏమీ తినదు, రెండు రోజుల్లో దోమై ఎగిరిపోతుంది.

[దృశ్యం: రంపపు పొట్టు నింపిన గుడ్డ మూటలు, నూనెలో నానుతున్నాయి.]

ఈ గాలి గొట్టం మీదే నూనె పనిచేస్తుంది. నీటి మీద పలుచటి పొర పడితే లార్వా, ప్యూపా రెండూ ఊపిరాడక చస్తాయి. మున్సిపాలిటీ వాళ్లు కాలువల్లో వేసే ఆయిల్ బాల్స్ ఇవే. మురికి గుంటకు బాగానే పనికొస్తాయి. బావికి మాత్రం నేను వద్దంటాను. గాలికి పొర ఒక పక్కకు జరుగుతుంది, చెత్త ఉన్నచోట చిరిగిపోతుంది. కొన్ని రోజులకే మళ్లీ వేయాలి. పైగా ఆ నీళ్లు తోడుకోవడానికి పనికిరావు. మెకానిక్ షాపులో పారేసే పాత ఇంజన్ ఆయిల్ అయితే అసలు ముట్టుకోవద్దు. ఆ విషం బావిలోనే ఉండిపోతుంది.

[దృశ్యం: ప్లాస్టిక్ సంచిలో గంబూషియా చేపలు.]

ఇవి గంబూషియా. అమెరికా చేప, మన దేశానికి 1928లో తెచ్చారు. ఆడ చేప కూడా వేలంత పొడవే ఉంటుంది. నోరు పైకి తిరిగి ఉండటంతో నీటి పైభాగంలోనే లార్వాలను మేస్తుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే వదులుతుంది. అందుకే ఒకసారి కుదురుకుంటే బావిలోనే పెరుగుతూ పోతుంది. జిల్లా మలేరియా విభాగం వాళ్లనో, మత్స్యశాఖ వాళ్లనో అడగండి.

ఎన్ని వేయాలి? నీటి అంచు మీటరుకు 5 నుంచి 10 చేపలు. ఈ బావి అడ్డం 6 మీటర్లు అనుకుందాం. చుట్టూ దాదాపు 19 మీటర్లు వస్తుంది. నూరు నుంచి నూట తొంభై దాకా సరిపోతాయి.

[దృశ్యం: తాడుకు కట్టిన బకెట్ మెల్లగా దిగుతోంది.]

వదిలే ముందు తేలుతున్న గుర్రపుడెక్క, సీసాలు, కొబ్బరి చిప్పలు తీసేయాలి. చెత్త సందుల్లో దాక్కున్న లార్వా చేపకు అందదు. పొద్దున్నే చల్లపూట తేవాలి. చాలామంది గట్టు మీద నిలబడి పైనుంచే గుమ్మరిస్తారు, ముప్పై అడుగుల నుంచి పడితే చాలా చేపలు బతకవు. సంచిని బకెట్‌లో పెట్టి నీళ్ల దాకా దించి, పావుగంట అలాగే ఉంచండి. సంచిలో నీళ్లు బావి నీళ్లంత చల్లబడ్డాక బకెట్ వంచితే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, వీటిని ఊరి చెరువులో మాత్రం వదలొద్దు. స్థానిక చేపల గుడ్లను, పిల్లలను, కప్ప పిల్లలను కూడా తినేస్తాయి. బయటికి పారే దారి లేని బావులకే ఇవి.

[దృశ్యం: ఇంటి ముందు తామర తొట్టి.]

ఇంట్లో తామర తొట్టికి గంబూషియా అక్కర్లేదు, గప్పీలు చాలు. ఆకులు నీళ్లను పూర్తిగా కప్పేస్తే సగం కత్తిరించండి. మేత ఎక్కువ వేయకండి. కడుపు నిండిన చేప లార్వా జోలికి పోదు.

[దృశ్యం: మళ్లీ బావి. మగ్గులో నీళ్లు.]

రెండు మూడు వారాలయ్యాక మళ్లీ ముంచి చూడండి. కంటికి ఆనీ ఆనని చిన్న లార్వాలు కొన్ని కనిపించినా టెన్షన్ అక్కర్లేదు, అవి కొత్తగా పొదిగినవి. పెద్ద లార్వాలు, ప్యూపాలు కనిపిస్తే మాత్రం చేపలు పని చేయట్లేదనే లెక్క. చెత్త మళ్లీ చేరిందేమో చూడండి. చేపలే కనిపించకపోతే, బావిలో ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ వేశారా అని కనుక్కోండి. క్లోరిన్‌కు ఈ చేపలు చచ్చిపోతాయి. పంచాయతీ వాళ్లకు ముందే చెప్పి, ఏ బావిలో చేపలు ఉన్నాయో గట్టు మీద పెయింట్‌తో రాయించండి.