ఒకే వక్త రెండు గదుల్లో ఒకే టైమ్‌కి పడకుండా అజెండా టేబుల్ వేయడం ఎలా?

"మూడు గదులు, ముప్పై సెషన్లు. టేబుల్ పది సార్లు చూసుకున్నాం. అయినా ఒక స్పీకర్‌ని ఒకే టైమ్‌లో రెండు చోట్ల పెట్టేశాం. ఇలాంటి క్లాష్‌ని ముందే ఎలా పట్టుకోవాలి?"

నమస్కారం. ఇదే పొరపాటు నేనూ చేశాను, అందుకే ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలనిపించింది. ఎడమవైపు టైమ్, పైన గదుల పేర్లు పెట్టి గడులు నింపే టేబుల్ ఉంటుంది కదా, అది వచ్చినవాళ్లు చదువుకోవడానికి బాగుంటుంది. తప్పులు వెతకడానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే మన కన్ను ఒకే వరుసలో ఉన్న పేర్లనే పోల్చుకుంటుంది. 11:00కి మొదలైన గంటన్నర వర్క్‌షాప్ 12:00 వరుసలోకి కూడా సాగుతోందన్న సంగతి గుర్తుకు రాదు.

అందుకని ముందు ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్‌లో, వేరే షీట్‌లో మామూలు పట్టిక రాయండి. A కాలమ్‌లో సెషన్ నంబర్, B లో వక్త, C లో గది, D లో మొదలయ్యే టైమ్, E లో ముగిసే టైమ్. ప్యానెల్‌లో నలుగురు కూర్చుంటే నలుగురికీ నాలుగు వరుసలు. ఒకే గడిలో కామాలు పెట్టి నలుగురి పేర్లూ రాశారంటే షీట్‌కి అది ఐదో మనిషి పేరులాగే కనిపిస్తుంది. పేరు బదులు V07 లాంటి కోడ్ వాడండి. ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ఇంటిపేరు లేకుండా రాసినా షీట్ ఇద్దరు మనుషులనే అనుకుంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మొదటిది ముగియకముందే రెండోది మొదలై, మొదటిది మొదలయ్యాకే రెండోది ముగిస్తే ఆ రెండూ ఢీకొన్నట్టే. ఈ రెండు షరతులు చాలు. F2 లో ఇది పెట్టి కిందిదాకా లాగండి:

```
=SUMPRODUCT(($A$2:$A$60<>A2)*($B$2:$B$60=B2)*($D$2:$D$60<E2)*($E$2:$E$60>D2))
```

0 వస్తే ఆ వక్తకి క్లాష్ లేదు. 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఉన్నట్టు. గదుల కోసం పక్క కాలమ్‌లో ఇదే ఫార్ములా, B ఉన్నచోట C మార్చండి. ఫార్ములా మొదట్లో A కాలమ్ షరతు ఎందుకంటే, ఒకే ప్యానెల్‌కి చెందిన నాలుగు వరుసలు ఒకే గదిలో ఉన్నాయని అది మనల్ని కంగారు పెట్టకుండా. టైమ్‌ల దగ్గర గుర్తు `<` మాత్రమే, `<=` కాదు. లేకపోతే 10:45కి ముగిసే సెషన్, 10:45కే మొదలయ్యే సెషన్ కూడా క్లాష్ అయిపోతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. V07 అనే వక్తకి S12 వర్క్‌షాప్ గది 2లో 11:00 నుంచి 12:30 దాకా. ఆయనే S15 ప్యానెల్‌లో, పెద్ద హాల్లో 12:00 నుంచి 12:45 దాకా. 12:00 అనేది 12:30 కన్నా ముందు, 12:45 అనేది 11:00 తర్వాత. రెండు వరుసల్లోనూ 1 వస్తుంది.

ఏది జరపాలి? నేనైతే వర్క్‌షాప్‌నే జరుపుతాను. ప్యానెల్‌ని కదిపితే నలుగురి టైమ్ మళ్లీ చూసుకోవాలి, వర్క్‌షాప్‌కి ఒక్కరే. దాన్ని 10:00 నుంచి 11:30కి మార్చాం. వక్త కాలమ్ 0 అయింది, గది కాలమ్‌లో 1 వచ్చింది. గది 2లో 10:15 నుంచి 10:55 దాకా S08 ఉంది మరి. దాన్ని అదే గదిలో 11:40కి తోద్దామా? 12:20 దాకా నడుస్తుంది. దాని వక్త V03 కూడా 12:00 ప్యానెల్‌లోనే ఉన్నారు, మళ్లీ క్లాష్. చివరికి S08 టైమ్ కదపకుండా, ఆ సమయంలో ఖాళీగా ఉన్న గది 3కి మార్చాం. ఇప్పుడు రెండు కాలమ్‌లూ 0. ఒక్కో మార్పు చేసి రెండు కాలమ్‌లూ చూడండి, నాలుగు ఒకేసారి మార్చకండి.

అన్నీ 0 వచ్చినా నమ్మకూడని సందర్భాలు ఉన్నాయి. వేరేచోట నుంచి కాపీ చేసిన టైమ్ ఒక్కోసారి టెక్స్ట్‌గా వచ్చేస్తుంది. చూడ్డానికి తేడా ఉండదు, కానీ మిగతా వరుసలతో సరిగ్గా పోలదు. `=ISNUMBER(D2)` పెట్టి FALSE వస్తే ఆ టైమ్ మళ్లీ టైప్ చేయండి, E కాలమ్‌కీ అలాగే చూడండి. మధ్యాహ్నం రెండుని 2:00 అని కొడితే అది తెల్లవారుజాము రెండు అయిపోతుంది, 14:00 అనే రాయండి. రెండు రోజుల కార్యక్రమమైతే ఒక్కో రోజుకి ఒక్కో షీట్ పెట్టుకోండి, లేకపోతే మొదటి రోజు 10:00, రెండో రోజు 10:00 కొట్టుకుంటాయి.

ఇంకొకటి, గది 3లో S08కి వచ్చేవాళ్లందరికీ కుర్చీలు సరిపోతాయో లేదో ఈ ఫార్ములాకి తెలియదు. అది మనమే వెళ్లి చూసుకోవాలి.