కుడికి వంగే గాలి, ఎడమకు తిరిగే తుఫాను

శ్రోతలకు నమస్కారం.

చదువుకునే రోజుల్లో నన్ను చాలాకాలం వేధించిన ఒక చిక్కుతో మొదలుపెడతాను. ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి తన కుడివైపుకు వంగుతుందని పాఠంలో ఉండేది. ఆ పక్క పేజీలోనే తుఫాను బొమ్మ. అందులో గాలి ఎడమకు, అంటే గడియారం ముళ్ళు తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతూ ఉండేది. కుడికి వంగే గాలి ఎడమకు ఎలా తిరుగుతుంది? అడిగితే "అది అంతే, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. అర్థం కాలేదు.

ఇప్పుడు మీరు కళ్ళు మూసుకుని ఒక పెద్ద గదిని ఊహించుకోండి. గది మధ్యలో ఒక కుర్చీ. నాలుగు గోడల దగ్గర నలుగురు మనుషులు. నలుగురికీ ఒకటే పని, కుర్చీ దగ్గరకు నడవాలి. కానీ నలుగురికీ ఒకటే జబ్బు కూడా ఉంది. నడుస్తుంటే ప్రతి ఒక్కరూ తెలియకుండానే కొద్దికొద్దిగా తమ కుడికి జరిగిపోతారు.

ఉత్తరపు గోడ నుంచి బయలుదేరినవాడి సంగతి చూద్దాం. అతను దక్షిణం వైపు నడుస్తున్నాడు కాబట్టి అతని కుడి చేయి పడమర. పడమరకు జరుగుతాడు, కుర్చీని తప్పుతాడు. తప్పినప్పుడు కుర్చీ అతనికి ఏ చేతివైపు ఉంది? ఎడమ చేతివైపు. దక్షిణపు గోడ నుంచి వచ్చినవాడు తూర్పుకు జరుగుతాడు. అతనికీ కుర్చీ ఎడమ చేతివైపే. మిగిలిన ఇద్దరికీ అంతే.

ఇప్పుడు ఆ నలుగురి నడుముకూ తాళ్ళు కట్టి కుర్చీ దగ్గర నుంచి లాగుతున్నారనుకోండి. కుడికి పోదామంటే తాడు పోనివ్వదు. కుర్చీ దగ్గరకు చేరదామంటే ఆ జబ్బు చేరనివ్వదు. ఇక మిగిలింది ఒకటే దారి, కుర్చీని ఎడమ చేతివైపు ఉంచుకుని దాని చుట్టూ తిరగడం. పైకప్పు నుంచి చూస్తే నలుగురూ గడియారం ముళ్ళకు ఎదురుగా తిరుగుతుంటారు. కుడికి వంగడం వల్లనే, వినండి, కుడికి వంగడం వల్లనే ఎడమ సుడి పుట్టింది.

కుర్చీ అంటే అల్పపీడన కేంద్రం. తాడు అంటే పీడనంలో తేడా. చుట్టూ గాలి బరువు ఎక్కువ, మధ్యలో తక్కువ, కాబట్టి గాలి లోపలికి లాగబడుతుంది. ఇక కుడికి జరిగే ఆ జబ్బు పేరు కోరియోలిస్ ప్రభావం. కోరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1835లో దీని లెక్క రాశారు. తమాషా ఏమిటంటే, ఆయన ఆలోచించింది తుఫానుల గురించి కాదు, తిరిగే యంత్రాల గురించి.

ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? నిజానికి మనుషుల్లో లోపం లేదు, గది నేలే తిరుగుతోంది. గదిని ఉత్తర ధ్రువం మీద పెట్టండి. అక్కడ నేల రోజుకొకసారి, పైనుంచి చూస్తే ఎడమకు, తిరుగుతుంది. ఆ నేల మీద మీరు తిన్నగానే వెళ్తున్నా, కింద నేల ఎడమకు జరిగిపోతుంది కాబట్టి నేల మీద పడే మీ జాడ కుడికి వంగి కనిపిస్తుంది. ధ్రువం నుంచి కిందికి వచ్చేకొద్దీ ఈ తిరుగుడు తగ్గుతుంది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల ఒక చుట్టు తిరగడానికి 2 రోజులు పడుతుంది. 15 డిగ్రీల దగ్గర దాదాపు 4 రోజులు. భూమధ్యరేఖ మీద ఈ తిరుగుడే సున్నా.

మరి దక్షిణార్ధగోళంలో అంతా తారుమారు ఎందుకు? దానికి మీ నెత్తిమీద ఉన్న సీలింగ్ ఫ్యాను చాలు. కింద నుంచి చూస్తే అది ఒక వైపుకు తిరుగుతుంది. అదే ఫ్యానును నిచ్చెన ఎక్కి పైనుంచి చూస్తే రెండో వైపుకు తిరుగుతున్నట్టు ఉంటుంది. ఫ్యాను మారలేదు, చూసే చోటు మారింది. భూమి ఒక్కటే, తిరిగేదీ ఒకే వైపు. ఉత్తర ధ్రువం మీద నిలబడితే కాళ్ళ కింద నేల ఎడమకు, దక్షిణ ధ్రువం మీద నిలబడితే కుడికి తిరుగుతుంది. అందుకే అక్కడ గాలి ఎడమకు వంగుతుంది, తుఫాను కుడికి తిరుగుతుంది.

ఇది ఎంత బలమైనది? చాలా బలహీనమైనది. 15 డిగ్రీల అక్షాంశం దగ్గర గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే గాలిని, మరే శక్తీ అడ్డురాకపోతే, ఇది ఒక గంటలో సుమారు రెండున్నర కిలోమీటర్లు పక్కకు జరుపుతుంది. వందల కిలోమీటర్ల దూరం, గంటల తరబడి కాలం దొరికితేనే దీని పని కనిపిస్తుంది. వాష్ బేసిన్‌లో నీళ్ళు పది సెకన్లలో ఒక మీటరు పోయాయనుకుంటే, పక్కకు జరిగేది మిల్లీమీటరులో అయిదో వంతు. కాబట్టి బేసిన్ నీళ్ళు ఎటు సుడి తిరిగితే మనం ఏ గోళంలో ఉన్నామో తెలుస్తుందన్న మాట నమ్మకండి. అది గిన్నె ఆకారాన్ని బట్టి, నీళ్ళు పోసిన తీరును బట్టి ఉంటుంది. 1962లో అమెరికాలో షాపిరో అనే ప్రొఫెసర్ 6 అడుగుల వెడల్పు తొట్టిలో నీళ్ళు పోసి, 24 గంటలు కదలకుండా ఉంచి, అప్పుడు బిరడా తీస్తే గానీ ఆ ఎడమ సుడి కనిపించలేదు.

తుఫానులో కూడా దీని పాత్ర ఎంతవరకో చెప్పాలి. ఎటు తిరగాలో నిర్ణయించేది ఇదే. కానీ కేంద్రానికి దగ్గరగా, గాలి భీకరంగా తిరిగే చోట, ఆ వేగం దీనివల్ల వచ్చింది కాదు. దూరం నుంచి మెల్లగా తిరుగుతూ వచ్చిన గాలి ఇరుకు వలయంలోకి చేరి వేగం పుంజుకుంటుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరైతే మొదటి ఆ చిన్న తోపుడే ఉండదు కాబట్టి, సాధారణంగా 5 డిగ్రీల లోపల తుఫానులు పుట్టవు. సాధారణంగా అన్నాను. 2001 డిసెంబరులో సింగపూర్‌కు దగ్గరలో, భూమధ్యరేఖకు 1.5 డిగ్రీల దూరంలోనే వామేయి అనే తుఫాను పుట్టింది. అక్కడ గాలులు ముందే సుడి తిరుగుతూ ఉండటంతో భూమి చేయాల్సిన పని చాలావరకు అయిపోయి ఉంది.

టైము అయిపోవస్తోంది. ఒక్క పనికొచ్చే మాట చెప్పి సెలవు తీసుకుంటాను. కుర్చీ ఎప్పుడూ ఎడమ చేతివైపే అన్నాం కదా. బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1857లో దీన్నే ఒక సూత్రంగా ప్రకటించారు. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ చేయి పక్కకు చాచి, కాస్త ముందుకు జరపండి. తుఫాను కేంద్రం ఉన్నది అటే. ముందుకు ఎందుకంటే, నేల ఒరుసుకోవడం వల్ల గాలి వేగం తగ్గి, వంపు తగ్గి, కాస్త లోపలికి చొరబడుతుంది. మేడల మధ్యా కొండల పక్కనా గాలి దారి మళ్ళుతుంది, అక్కడ ఇది పనిచేయదు. బహిరంగ ప్రదేశంలో, సముద్రం మీద బాగా పనిచేస్తుంది.

గంట గంటకూ చేయి చూపే దిక్కు మారుతుంటే తుఫాను మీ పక్కగా పోతోంది. గాలి పెరుగుతూ, బారోమీటరులో పీడనం పడిపోతూ, దిక్కు మాత్రం మారకపోతే అది తిన్నగా మీ మీదికే వస్తోంది. అప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావద్దు. మీరు తుఫాను కన్నులో ఉన్నారు. రెండో సగం ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

దక్షిణార్ధగోళంలో ఉన్న మిత్రులెవరైనా వింటుంటే, మీరు కుడి చేయి చాచండి.

నమస్కారం.