సగటు పదిహేను శాతం, చేతికి వెయ్యి రూపాయలు: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

యాంకర్: తెనాలి నుంచి రిటైరైన తెలుగు మాస్టారు లైన్లో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

కాలర్: నమస్కారం అమ్మా. సంధులూ సమాసాలూ చెప్పుకున్నవాణ్ణి, లెక్కల్లో కాస్త వెనకబడ్డాను. మాకు తెలిసిన ఏజెంటు ఒకాయన ఓ కాగితం ఇచ్చాడు. 2008, 2009, 2010, ఈ మూడేళ్లలో సెన్సెక్స్ సగటు రాబడి ఏటా 15 శాతం పైనేనట. మా అబ్బాయేమో ఫోన్లో చూసి, సీఏజీఆర్, అంటే చక్రవడ్డీ లెక్కన ఏటి రాబడి, అరశాతం కూడా లేదు నాన్నా అంటున్నాడు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?

సలహాదారు: నమస్కారం మాస్టారూ. కూడికలో ఇద్దరూ తప్పు చేయలేదండీ. మీ దగ్గర కలం ఉందా?

కాలర్: పంతులు దగ్గర కలం లేకపోవడమా!

సలహాదారు: అయితే రాసుకోండి. 2007 డిసెంబరు చివర సెన్సెక్స్ 20,287. ఏడాది తిరిగేసరికి 9,647కి పడింది. 2009 చివరికి 17,465, 2010 చివరికి 20,509. అంటే మొదటి ఏడు 52.4 శాతం నష్టం, రెండో ఏడు 81 శాతం లాభం, మూడో ఏడు 17.4 శాతం లాభం. ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 15.3 వస్తుంది. మీ ఏజెంటు చేసింది అదే.

కాలర్: మరి తప్పెక్కడుంది?

సలహాదారు: ఆ శాతాలను పక్కనపెట్టి, ఓ లక్ష రూపాయలు పెట్టామనుకుని చూడండి. మొదటి ఏడు 52.4 శాతం పోతే ఎంత మిగిలింది?

కాలర్: నలభై ఏడు వేల ఆరువందలు. అంతేనా?

సలహాదారు: దాదాపు అంతే. ఇప్పుడు 81 శాతం పెరిగింది. దేని మీద? లక్ష మీద కాదు, ఆ మిగిలిన నలభై ఏడున్నర వేల మీద. అందుకే 86 వేలకే చేరింది. దాని మీద 17.4 శాతం పెరిగితే లక్షా వెయ్యీ చిల్లర. మూడేళ్లు ఆగితే చేతికొచ్చిన లాభం వెయ్యి రూపాయలు. నిజంగా ఏటా 15.3 శాతం వచ్చి ఉంటే లక్షా యాభై మూడు వేలు ఉండాలి.

కాలర్: ఓహో! నష్టం పెద్ద మొత్తం మీద, లాభం చిన్న మొత్తం మీద. శాతాలు మాత్రం పక్కపక్కన కూర్చుని ఒకే జాతిలా కనబడుతున్నాయి.

సలహాదారు: బాగా చెప్పారు. ఒక్కో శాతానికీ కింద ఉన్న అసలు మొత్తం వేరు. వేర్వేరు మొత్తాల మీది శాతాలను కూడితే వచ్చే అంకె మన డబ్బు కథ చెప్పదు. సీఏజీఆర్ మధ్యలో ఏం జరిగిందో అడగదు. లక్ష లక్షా వెయ్యి కావాలంటే, చక్రవడ్డీ లెక్కన ఏటా ఒకే రేటు ఎంత ఉండాలి అని అడుగుతుంది. 0.36 శాతం. మీ అబ్బాయి ఫోన్లో చూసింది అదే.

యాంకర్: దాన్ని ఇంట్లో వేసుకోవడం ఎలా?

సలహాదారు: చివరి విలువను మొదటి విలువతో భాగించాలి. వచ్చినదానికి, ఎన్నేళ్లయితే అన్నో మూలం తీసి, ఒకటి తీసేయాలి. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఘాతం మీట కనబడుతుంది. ఎక్సెల్ ఉంటే ఇదిగో, స్క్రీన్ మీద వేస్తున్నాం:

```
=(20509/20287)^(1/3)-1
```

1/3 చుట్టూ బ్రాకెట్లు మరచిపోతే ఘాతం ఒకటే అయి, మొత్తాన్ని మూడుతో భాగించేస్తుంది. మైనస్ 66 శాతం అని చూపించి గుండె ఆపేస్తుంది. ఇంకో పొరపాటు ఏళ్లు లెక్కపెట్టడంలో. 2007, 8, 9, 10 అని వేళ్లు మడిస్తే నాలుగవుతాయి. కానీ 2007 చివర నుంచి 2010 చివరకు గడిచింది మూడేళ్లే.

కాలర్: అయితే ఇక సీఏజీఆర్ చెప్పినవాణ్ణి నమ్మేయొచ్చా?

సలహాదారు: అక్కడే ఆగండి మాస్టారూ. అదే సెన్సెక్స్‌ను ఏడాది ఆలస్యంగా, 2008 చివర 9,647 దగ్గర మొదలుపెట్టి 2010 చివర ఆపితే, రెండేళ్లకు సీఏజీఆర్ దాదాపు 46 శాతం! అబద్ధం ఒక్కటీ లేదు, మొదలుపెట్టే తేదీ మారిందంతే. అందుకే సీఏజీఆర్ ఎవరు చెప్పినా, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అని ముందు అడగాలి. సెన్సెక్స్ అంకెలో డివిడెండ్లు కలవవు, అదీ గుర్తుంచుకోవాలి. సగటు పూర్తిగా పనికిరానిదని కూడా అనను. ఏదో ఒక్క ఏడాదికి ఎంత రావచ్చో అంచనా వేసేటప్పుడు దానికి చోటుంది. ఏళ్ల తరబడి డబ్బు ఎంతయిందో చెప్పడానికి మాత్రం కాదు. ఒడిదుడుకులు పెరిగేకొద్దీ సగటుకూ సీఏజీఆర్‌కూ మధ్య దూరం పెరుగుతుంది. ఏటేటా ఒకే రేటు వస్తే రెండూ ఒకటే.

యాంకర్: ధన్యవాదాలు మాస్టారూ. సిద్దిపేట నుంచి ఇంకో కాల్. చెప్పమ్మా.

కాలర్: నమస్తే అన్నా. మేం 2009ల నాలుగు లక్షలకు ప్లాట్ కొన్నం. 2024ల ఇరవై లక్షలకు అమ్మినం. నాలుగొందల శాతం లాభం, పదిహేనేండ్లకు భాగిస్తే ఏడాదికి ఇరవై ఏడు శాతం పడ్డది, ఇంకేం గావాలె అంటుండు బ్రోకరు. నిజమేనా?

సలహాదారు: ఇది ఇంకో రకం సగటు చెల్లెమ్మా. మాస్టారి కాగితంలో ఏటేటి శాతాలను కూడారు. ఇక్కడ మొత్తం లాభాన్ని ఏళ్లతో భాగించారు. బారువడ్డీ లెక్క అన్నమాట. నిజంగా చక్రవడ్డీతో ఏటా ఇరవై ఏడు శాతం దగ్గర పెరిగి ఉంటే, మీ నాలుగు లక్షలు పదిహేనేళ్లకు కోటీ ముప్ఫై తొమ్మిది లక్షల దాకా వెళ్లేవి.

కాలర్: అమ్మో, కోటా?

సలహాదారు: అవును. మీకు వచ్చింది ఇరవై. అంటే ఐదు రెట్లు. ఐదుకు పదిహేనో మూలం తీస్తే 1.113. మీ సీఏజీఆర్ 11.3 శాతం. తక్కువేం కాదు, కానీ ఇరవై ఏడు కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ నాలుగు లక్షల్లో కలిపారా?

కాలర్: కలిపినం. కానీ మధ్యల, 2016ల, చుట్టూ గోడ కట్టించినం. లక్షన్నర అయింది.

సలహాదారు: అదిగో, అది ముందే చెప్పాల్సింది! మధ్యలో డబ్బు పెట్టినా తీసినా సీఏజీఆర్ చెల్లదు. దానికి మొదటి విలువ ఒకటే, చివరి విలువ ఒకటే తెలుసు. నెలనెలా సిప్ కట్టేవాళ్లకూ ఇదే చిక్కు. అప్పుడు ఎక్సెల్‌లో A వరుసలో తేదీలు, పక్కన B వరుసలో మొత్తాలు వేసుకుని, ఏ డబ్బు ఏ రోజు పెట్టామో చూసి ఏటి రేటు చెప్పే XIRR ఫార్ములాను అడగాలి. మీరు పెట్టిన డబ్బుకు ముందు మైనస్ గుర్తు, వచ్చినదానికి మామూలుగా:

```
=XIRR(B1:B3,A1:A3)
```

B వరుసలో మైనస్ నాలుగు లక్షలు, మైనస్ లక్షన్నర, ఇరవై లక్షలు. మీకు దాదాపు 10 శాతం వస్తుంది.

కాలర్: అంటే ఒక్క గోడకు ఒక శాతం పైనే పోయిందా అన్నా?

సలహాదారు: పోయిందమ్మా. గోడ లేకుండా కూడా ఇరవై లక్షలే వచ్చేవా అన్నది మాత్రం ఎక్సెల్‌కు తెలియదు, మీ బ్రోకరును అడగాలి.