గుండె మోడల్ రివ్యూ: వైరింగ్ అంతా ఉంది, ఒక్క రక్తనాళం మాత్రం లేదు

అందరికీ నమస్కారమండి. ఈ గుండె మోడల్‌ని కంపెనీ వాళ్ళు నాకు ఫ్రీగా పంపించారు, రివ్యూ చేయమన్నారు, డబ్బులేం ఇవ్వలేదు, అది ముందే చెప్పేస్తున్నా. సైజెంత, ఎన్ని ముక్కలు, స్టాండ్ ఎలా ఉంది అవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను. నేను చాలా ఏళ్ళు క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండె రక్తనాళాల్లోకి డై పంపి మూసుకుపోయినవి తెరిచే చోట, టెక్నీషియన్‌గా చేసి ఇప్పుడు ఆ కోర్సు పిల్లలకే క్లాసులు చెప్తున్నా, అందుకని నేను చూసేది లోపలున్న ఈ పసుపు గీతలే. గుండెకి కరెంటు తీసుకెళ్ళే దారి ఇది. ఈ దారికి రక్తం ఎక్కడ్నుంచి వస్తుందో మోడల్ చూపిస్తోందా లేదా, నాకు కావాల్సింది అదొక్కటే.

ముందు బాగున్నది చెప్తా. ఎస్ఏ నోడ్ సరైన చోట పెట్టారు, ఇదిగో పైనుంచి వచ్చే పెద్ద సిర కుడి పై గదిలో కలిసే మూల దగ్గర. ఇది 1907లో కీత్, ఫ్లాక్ అని ఇద్దరు చూపించింది, నిమిషానికి 60 నుంచి 100 సార్లు దెబ్బ ఇక్కడ్నుంచే మొదలవుతుంది. దీనికి వచ్చే రక్తనాళం కూడా గీశారు, గుండె కండకి రక్తమిచ్చే ధమనుల్లో కుడివైపుది, కుడి కరోనరీ నుంచి. సుమారు 60 శాతం మందిలో అలాగే ఉంటుంది, మిగతావాళ్ళలో ఎడమ కరోనరీ కొమ్మ సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి వస్తుంది, కాబట్టి దీంతో నాకు పేచీ లేదు.

ఇప్పుడు కిందకి రండి. ఈ రెండు పై గదుల మధ్య గోడలో, అడుగున, ట్రైకస్పిడ్ వాల్వ్ పక్కన ఏవీ నోడ్. 1906లో తవారా అని జపాన్ ఆయన జర్మనీలో పనిచేస్తూ దీన్ని వివరించారు. కరెంటు ఇక్కడికొచ్చి కాసేపు నెమ్మదిస్తుంది, సెకనులో పదో వంతు అటూ ఇటూ, ఆ గ్యాప్‌లోనే పై గదులు కిందవాటిని నింపేస్తాయి. తర్వాత హిస్ బండిల్. పై గదుల నుంచి కింది గదుల్లోకి మామూలుగా కరెంటు దిగే దారి ఇదొక్కటే, మిగతా చుట్టూరా కరెంటు పారని నార కణజాలం. నోడ్‌ని పసుపు చుక్కలా పెట్టారు, బండిల్ గీశారు, కుడి కొమ్మ, ఎడమ కొమ్మ అన్నీ చక్కగా గీశారు. సరే, మరి ఈ నోడ్‌కి రక్తం ఏది? తిప్పి చూడండి. వెనక్కి తిప్పండి. కుడి కరోనరీ ఇలా గాడిలో చుట్టూ తిరిగి వెనకాల నాలుగు గదులూ కలిసే చోటికొచ్చింది, అక్కడ ఊరికే కిందకి దిగిపోయింది. ఏవీ నోడ్‌కి వెళ్ళే కొమ్మ లేదు!

నాకు ఇక్కడే కోపం వచ్చింది. సన్న కొమ్మే కదా, వదిలేస్తే ఏమైంది అనుకోవచ్చు. నేను ఒక పెద్దాయన సంగతి చెప్తా వినండి. తెల్లవారుజామున చెమటలు, కళ్ళు తిరగడం అని తీసుకొచ్చారు, ఈసీజీలో టూ, త్రీ, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ లేచింది, అంటే గుండె కింది గోడకి ఎటాక్. మానిటర్‌లో చూస్తుంటే పీఆర్ గ్యాప్, అంటే పై గదుల నుంచి కింది గదులకి కరెంటు చేరే టైము, ఒక్కో దెబ్బకీ పెరుగుతూ పెరుగుతూ ఒక దెబ్బ పడిపోతోంది, మళ్ళీ మొదలు. కాసేపటికి పైనుంచి వచ్చేదానికీ కింద కొట్టేదానికీ సంబంధమే లేకుండా పోయింది, పూర్తి బ్లాక్, రేటు 42. కానీ క్యూఆర్ఎస్, అంటే ఈసీజీలో కింది గదుల దెబ్బ గీత, సన్నగానే ఉంది. డాక్టరుగారు ఆ సన్నదనాన్నే చూపించి భయపడొద్దన్నారు, ఎందుకంటే దెబ్బ తిన్నది నోడ్ దగ్గర, దాని కింద దారి బాగానే ఉంది, హిస్ దగ్గర్నుంచే 40, 50 చొప్పున ప్రత్యామ్నాయంగా దెబ్బలొస్తున్నాయి. కుడి కరోనరీ మధ్యలో మూసుకుపోయింది, దాన్ని తెరిచి డై పంపగానే వెనకాల ఆ మలుపు దగ్గర, యూ ఆకారంలో ఉంటుంది కదా, ఆ మలుపు కొసలోంచి నిటారుగా పైకి పోయే వెంట్రుకంత గీత స్క్రీన్‌మీద కనపడింది. అదే ఏవీ నోడ్ రక్తనాళం. మూడోరోజుకి ప్రతి దెబ్బా మామూలుగా కిందకి దిగింది, పర్మనెంట్ పేస్‌మేకర్ అవసరం పడలేదు. నూటికి 80, 90 మందిలో ఈ కొమ్మ కుడి కరోనరీ నుంచే వస్తుంది, అందుకే కింది గోడ ఎటాక్‌లో బ్లాక్ అంతగా కనిపిస్తుంది. రక్తం తగ్గడంతో పాటు గుండెని నెమ్మది చేసే వేగస్ నరం ప్రభావం కూడా ఉంటుందిలెండి, మొదటి గంటల్లో ఆ నరాన్ని అడ్డుకునే ఆట్రోపిన్ మందుకి చాలామంది లొంగేది అందుకే.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకొకాయన. ఈయనకి గుండె ముందు గోడకి ఎటాక్, ఈసీజీలో వీవన్ నుంచి వీఫోర్ లీడ్ల దాకా. పీఆర్ ఏం పెద్దగా పెరగలేదు, హఠాత్తుగా కొత్తగా కుడి బండిల్ బ్లాక్, అంటే కుడి కొమ్మలో అడ్డు, వచ్చింది, క్యూఆర్ఎస్ వెడల్పయింది, కాసేపట్లో పూర్తి బ్లాక్, రేటు 30 దగ్గర, అది కూడా నిలకడ లేదు. ఆట్రోపిన్ పనిచేయలేదు, ఎందుకంటే పాడైంది నోడ్ కాదు, కింద కొమ్మలు. కుడి కొమ్మకీ, ఎడమ కొమ్మ ముందు భాగానికీ రక్తమిచ్చేది ఎల్ఏడీ నుంచి, అంటే ఎడమ కరోనరీలోంచి గుండె ముందువైపు దిగే పెద్ద కొమ్మ నుంచి, రెండు కింది గదుల మధ్య గోడలోకి దిగే సెప్టల్ కొమ్మలు. ఎల్ఏడీ వాటికి పైనే మూసుకుపోయింది. బయటినుంచి గుండెకి కరెంటు ఇచ్చి కొట్టించే తాత్కాలిక పేసింగ్ వైరు వేశాం, పేసింగ్ పట్టుకుంది, కానీ కండ అంతా పోయింది కాబట్టి బీపీ నిలవలేదు. ఇద్దరికీ "కంప్లీట్ హార్ట్ బ్లాక్" అనే రాస్తారండి, కానీ అవి ఒకటి కాదు. రెండింటికీ తేడా తెలిసేది ఏ నాళం ఏ భాగానికి పోతుందో తెలిస్తేనే. మోడల్ ఉన్నది దానికే కదా!

హిస్ బండిల్‌కి మాత్రం రెండు వైపులనుంచీ రక్తం అందుతుంది, ఏవీ నోడ్ నాళం నుంచి కొంత, ఎల్ఏడీ సెప్టల్ కొమ్మ నుంచి కొంత. ఎడమ కొమ్మ వెనక భాగానికి కూడా ఇంతే, అందుకే అదొక్కటే చెడడం అరుదు. ఈ మోడల్‌లో సెప్టల్ కొమ్మలు రెండు గీశారు, అది పాతదానికన్నా నయం. నా పాత మోడల్‌లో అవి కూడా లేవు, రంగు కూడా ఏడాదికే పోయింది.

ఈ కొమ్మల చివర కింది గదుల కండకి కరెంటు పంచే పుర్కింజీ ఫైబర్ల దగ్గర ఇంకో తప్పు. పసుపు గీతలు కండ మధ్యలోంచి బయటికి పోతున్నట్టు పెట్టారు, నిజానికి అవి గది లోపలి పొర కింద వల లాగా పరచుకుంటాయి. నేను ప్రతి బ్యాచ్‌కీ మటన్ షాపు నుంచి మేక గుండె తెప్పిస్తా. కుడి కింది గది కోస్తే గోడనుంచి గోడకి అడ్డంగా తాడులాంటి కండ కనిపిస్తుంది, మోడరేటర్ బ్యాండ్, కుడి కొమ్మ దాంట్లోంచే పోతుంది. పిల్లలు దాన్ని వేలితో లేపి చూసినప్పుడు బోర్డుమీద గీసిందంతా ఒక్కసారిగా అర్థమవుతుంది. ఈ ఫైబర్లకి ఎవరి పేరు పెట్టారో ఆ పుర్కింజీ కూడా 1839లో వీటిని చూసింది గొర్రె గుండెలోనే. ఈ ఫైబర్లలో కరెంటు సెకనుకి 2 నుంచి 4 మీటర్లు పోతుంది. లోపలి పొరకి ఆనుకుని ఉండటం వల్ల గదిలో ఉన్న రక్తం నుంచి కూడా కొంత ఆక్సిజన్ అందుతుంది, అందుకే చుట్టూ కండ చచ్చినా ఇవి కొన్ని బతికే ఉంటాయి, ఎటాక్ తర్వాత వచ్చే వెంట్రిక్యులర్ రిథమ్స్ కొన్ని ఇక్కడ్నుంచే పుడతాయి. మోడల్‌లో గీత తప్పు చోట ఉంటే ఇదంతా ఎలా చెప్పాలి?

కాబట్టి ఫినిషింగ్ బాగుంది, అయస్కాంతాలు గట్టిగా పట్టుకుంటున్నాయి, అయినా డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను. ఆ ఒక్క కొమ్మ గీసి పంపితే అప్పుడు చెప్తా. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ఎర్ర నెయిల్ పాలిష్, సన్న బ్రష్ తీసుకోండి. వెనక్కి తిప్పి, కుడి కరోనరీ కిందకి దిగే ముందు ఒక చిన్న యూ మలుపు వేసి, ఆ యూ కొసనుంచి గోడలోకి నిటారుగా ఒక్క గీత, పసుపు చుక్క తగిలేదాకా. నేను నిన్న రాత్రి గీశా, ఇదిగో, ఇంకా పూర్తిగా ఆరలేదు.