తాతయ్య భాష మార్చిన క్షణం

అందరికీ నమస్కారం.

ఇద్దరు పిల్లలు చెప్పిన మాట వినకుండా ఆడుకుంటున్నారు. తాతయ్య వాళ్ళను పిలిచాడు. ఇటు రండి, ఇవన్నీ ఇద్దరూ కలిసి తీసేయండి అన్నాడు. పిల్లలు కదల్లేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "కుమ్ హేర్!" అన్నాడు. ఆ మాటకు అర్థం కూడా 'ఇటు రా' అనే. ఆ వెంటనే, రాత్రికి భోజనం పెట్టనని బెదిరించాడు. ముందు చెప్పినదీ చివర చెప్పినదీ హంగేరియన్‌లో. నడుమ వచ్చిన ఆ రెండు మాటలు మాత్రం జర్మన్‌లో.

చెప్పిన విషయం అదే. వినే పిల్లలూ వాళ్ళే. అయినా ఆయన భాష మార్చాడు. ఎందుకు మార్చాడు, ఆ మార్పు పనిచేయాలంటే ఆ కుటుంబంలో ఏమేమి ఉండాలి అన్నదే ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచిన విషయం.

ఈ మాటలను నమోదు చేసినవారు సూసన్ గాల్ అనే భాషా మానవశాస్త్రవేత్త. ఊరు ఆస్ట్రియా తూర్పు అంచున ఉన్న ఓబర్‌వార్ట్. ఒకప్పుడు అది హంగేరీలో భాగం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత సరిహద్దులు మారి, 1921లో ఆస్ట్రియాకు చెందింది. చుట్టూ ఉన్న ఊళ్ళు వందల ఏళ్ళుగా జర్మన్ మాట్లాడేవే కాబట్టి అక్కడి హంగేరియన్ రైతులకు జర్మన్ కొత్తేమీ కాదు. సంతలో, బయటివారితో జర్మన్. ఇంట్లో, ఇరుగుపొరుగుతో, చర్చిలో హంగేరియన్. తరాల తరబడి ఈ పంపకం కదలకుండా సాగింది.

ఇలాంటి పంపకానికి 1959లో భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గూసన్ ప్రచారంలోకి తెచ్చిన పేరు డైగ్లోసియా. ఒకే సమాజంలో రెండు భాషారూపాలు చెరొక పనికి కేటాయించబడి ఉండటం ఇది. ఆయన తీసుకున్న ఉదాహరణలు నాలుగు: అరబిక్, గ్రీకు, స్విట్జర్లాండ్ జర్మన్, హైతీ క్రియోల్. నాలుగింటిలోనూ ఒక రూపం బడికీ గ్రంథానికీ వేదికకూ, మరొకటి ఇంటికీ వీధికీ. మన గ్రాంథికాన్ని తలచుకుంటే ఇది వెంటనే బోధపడుతుంది. గ్రాంథికాన్ని కష్టపడి నేర్చుకున్నవారు ఉన్నారు గాని, అమ్మ ఒడిలో నేర్చుకున్నవారు లేరు. ఫెర్గూసన్ చెప్పినది ఒకే భాషకు చెందిన రెండు రూపాల గురించి. 1967లో జాషువా ఫిష్‌మన్ దీన్ని విస్తరించి, సంబంధం లేని రెండు భాషల మధ్య కూడా ఇలాంటి పంపకం ఉండవచ్చన్నారు. ఓబర్‌వార్ట్ ఈ రెండో కోవలోకి వస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండు భాషలు పక్కపక్కన ఉన్న సమాజాన్ని ఒక రోజు చూసి వచ్చినవారికి అది స్థిరమైన పంపకమో, ఒక భాష మరొకదాన్ని మెల్లగా ఇంట్లోంచి వెళ్ళగొడుతున్న దశో తెలియదు. రెండు చోట్లా వినిపించేది రెండు భాషలే. జర్మన్ మాట్లాడే స్విట్జర్లాండ్‌లో రాతకు ప్రామాణిక జర్మన్, మాటకు స్థానిక జర్మన్ అన్న పంపకం నేటికీ గట్టిగానే ఉంది. ఓబర్‌వార్ట్‌లో పంపకం కరిగిపోయింది. 1971 నాటికి ఆ ఊళ్ళో హంగేరియన్ మాట్లాడేవారు సుమారు నాలుగో వంతుకు తగ్గారు. ఆ కరగడాన్ని అది జరుగుతుండగానే ఎలా పసిగట్టాలి?

గాల్ చేసిన పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆమె ఒక పట్టిక గీశారు. నిలువునా మాట్లాడేవారిని, ఒకరి కింద ఒకరిని వరుసలుగా పెట్టారు. అడ్డంగా వాళ్ళు ఎవరితో మాట్లాడతారన్నది రాశారు: దేవుడు, తాతల తరం, తల్లిదండ్రుల తరం, స్నేహితులు, తోబుట్టువులు, భార్య లేక భర్త, పిల్లలు, ప్రభుత్వ అధికారులు, డాక్టరు. ప్రతి గడిలో ఒకటే సమాచారం. ఈ మనిషి ఆ మనిషితో మాట్లాడేది హంగేరియనా, జర్మనా, రెండూనా?

పట్టిక నిండాక ఒక క్రమం బయటపడింది. ఎడమ చివరన, దేవుడి గడిలో, అందరికీ హంగేరియనే. కుడి చివరన, డాక్టరు గడి దగ్గర, జర్మన్. ఈ రెండింటి మధ్య ప్రతి వరుసలోనూ హంగేరియన్ నుంచి జర్మన్‌కు దాటే చోటు ఒకటి ఉంది. వయసు మళ్ళినవారి వరుసలో అది దాదాపు కుడి అంచున ఉంది. యువతీయువకుల దగ్గరికి వచ్చేసరికి అది ఎడమకు జరిగిపోయింది. అందరికన్నా చిన్నవారికి హంగేరియన్ మిగిలింది దేవుడితోనూ, కొంతమేరకు తాతమ్మలు తాతయ్యలతోనూ మాత్రమే. పంపకం స్థిరంగా ఉన్న సమాజంలో అయితే ఆ దాటే చోటు అన్ని వయసులవారికీ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉండాలి. అది వయసుతోపాటు ఏటవాలుగా జరిగితే, పంపకం కరుగుతోందని అనుమానించాలి. యువకులు వయసు వచ్చాక పెద్దల అలవాటుకు మళ్ళవచ్చు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు కావాలంటే, ఇప్పటి పెద్దలు తమ యవ్వనంలో ఎలా మాట్లాడేవారో కూడా ఆరా తీయాలి.

ఇలాంటి పట్టిక నింపడంలో ఒక ప్రమాదం ఉంది. ఎవరితో ఏ భాష మాట్లాడతారని అడిగితే మనుషులు తాము మాట్లాడుతున్నామని నమ్మేదే చెబుతారు. నార్వేలోని హెమ్నెస్‌బెర్గెట్ అనే చిన్న ఊళ్ళో బ్లోమ్, గంపెర్జ్ అనే ఇద్దరు పరిశోధకులకు ఇది స్పష్టంగా కనిపించింది. పైచదువులకు వెళ్ళి ఇంటికి వచ్చిన విద్యార్థులు తాము ఊరి మాండలికమే మాట్లాడతామని గట్టిగా నమ్మారు. చదువుల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం వారి మాటల్లోకి ప్రామాణిక భాష రూపాలు వచ్చి చేరాయి. ఆ రికార్డింగు వినిపిస్తే వారు ఇబ్బంది పడ్డారు. అందుకే గాల్ జవాబులు రాసుకుని తిరిగి రాలేదు. ఆ ఊళ్ళో నెలల తరబడి ఉండి, ఇళ్ళలో కూర్చుని, చెప్పినదానినీ విన్నదానినీ సరిపోల్చుకున్నారు. పొందిన సమాచారం ఎంత చక్కగా ఉన్నా, చెవితో సరిచూడని భాషా సర్వేను నేను సగమే నమ్ముతాను.

ఇక కారణం. ఓబర్‌వార్ట్‌లో హంగేరియన్ అంటే రైతు. జర్మన్ అంటే ఫ్యాక్టరీ, జీతం, చదువు. ఈ ముద్రలు పడ్డాక జర్మన్ వైపు ముందుగా నడిచింది యువతులు. వారికి దానికి గట్టి కారణమే ఉంది. రైతు ఇంటి కోడలైతే పొలం పనీ, పశువుల పనీ, ఇంటి పనీ అన్నీ ఆమె మీదే. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది. ఏ బతుకు వద్దనుకున్నారో, ఆ బతుకును గుర్తు చేసే భాషను కూడా వారు పక్కన పెట్టారు. హంగేరియన్ తెలిసిన అమ్మాయిలు రైతులను కాదనడంతో, రైతు యువకులు జర్మన్ మాత్రమే వచ్చిన అమ్మాయిలను పెళ్ళి చేసుకోవలసి వచ్చింది. వారి పిల్లలకు ఇంట్లో వినిపించింది ఎక్కువగా జర్మన్. హంగేరియన్‌ను అందరికన్నా గట్టిగా అంటిపెట్టుకున్న మగవారి ఇళ్ళలోనే అది తరువాతి తరానికి అందలేదు. ఈ మలుపు చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఎందుకంటే ఈ కథలో నిందించడానికి ఎవరూ దొరకరు.

ఇప్పుడు తాతయ్య దగ్గరికి వెళ్దాం. అధికారికీ డాక్టరుకూ చెందిన భాష జర్మన్ కాబట్టి, ఆ భాషలో అన్న మాటకు అదనపు బరువు వస్తుంది. మామూలుగా పిలిస్తే పిల్లలు పట్టించుకోలేదు. జర్మన్‌లో పిలిస్తే అది ఆజ్ఞ అయింది. ఒకే సంభాషణలో ఇలా ఒక భాషలోంచి మరొకదానిలోకి వెళ్ళడాన్నే కోడ్ మార్పిడి అంటారు. గాల్ గమనించినది ఇంకొకటి ఉంది. ఇలా అర్థవంతంగా భాష మార్చడం పట్టికలో 'రెండూ' అని రాసిన గడులలోనే జరుగుతుంది. ఆ ఇద్దరి మధ్య హంగేరియన్ ఒక్కటే చెల్లితే మార్చడానికి మరొకటి లేదు. జర్మన్ ఒక్కటే చెల్లితే జర్మన్ మాటకు ప్రత్యేకమైన బరువేమీ రాదు.

అందుకే కోడ్ మార్పిడి వినగానే భాష చెడిపోతోందని కంగారు పడేవారితో నేను ఏకీభవించలేను. భాష సరిగా రానివారే కలిపి మాట్లాడతారన్నది తరచూ వినిపించే మాట. న్యూయార్క్‌లో స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే ప్యూర్టో రికో వారి సంభాషణలను పరిశీలించి భాషాశాస్త్రవేత్త షానా పోప్లాక్ 1980లో చూపించినది దానికి సరిగ్గా వ్యతిరేకం. వాక్యం మధ్యలో భాష మార్చడం ఎక్కువగా చేసేది రెండు భాషలూ బాగా వచ్చినవారే. రెండు భాషల పదక్రమం కలిసే చోటనే మారుస్తూ, ఏ వ్యాకరణాన్నీ విరగ్గొట్టకుండా దాటాలంటే రెండింటి మీదా పట్టు ఉండాలి. తెలుగులో కలిపి మాట్లాడటానికి కూడా కట్టుబాట్లు ఉన్నాయి. 'డిలీట్ చేశాను' అంటాం. ఆ ఇంగ్లీషు క్రియకు తెలుగు కాలప్రత్యయాన్ని నేరుగా అతికించం. మధ్యలో 'చేయు' వచ్చి కాలాన్నీ పురుషనూ మోస్తుంది. ఎవరూ నేర్పకపోయినా ఇందులో ఎవరూ తప్పు చేయరు.

కాబట్టి ఒక భాష భవిష్యత్తు తెలుసుకోవాలంటే వాక్యంలో పరాయి మాటలు లెక్కపెట్టడం వల్ల దొరికేది తక్కువ. పెద్దలు పిల్లలతోనూ, పిల్లలు తమలో తామూ ఏ భాషలో మాట్లాడుకుంటున్నారన్న గడులు చూడాలి. ఓబర్‌వార్ట్‌లో దేవుడి గడి చివరివరకూ హంగేరియన్‌తో నిండే ఉంది. ప్రార్థన ఒక్కటే ఆ భాషను నిలబెట్టలేకపోయింది.

ఈ పట్టికకు ఒక పరిమితి ఉంది. అది ఎంపికను చూపిస్తుంది గాని, రాబోయే విధానాలను ఊహించలేదు. 1992లో ఓబర్‌వార్ట్‌లో ద్విభాషా ఉన్నత పాఠశాల మొదలైంది. అక్కడ జర్మన్‌తోపాటు హంగేరియన్ గాని క్రొయేషియన్ గాని నేర్పుతారు. ఊరివారి హంగేరియన్ ఒక మాండలికం. ప్రామాణిక హంగేరియన్ ముందు తమది తక్కువదని వారే అనుకునేవారు. బడి ద్వారా వచ్చే హంగేరియన్ పుస్తకాల భాష, పరీక్షల భాష. ఇంటి భాషగా ఉన్నది బడి భాషగా తిరిగి వస్తే, ఫెర్గూసన్ చెప్పిన రెండు రూపాలలో అది బడికీ గ్రంథానికీ చెందిన రూపం స్థానంలో కూర్చుంటుంది. అలాంటి బడిలో చదివిన ఒక మనవరాలు, రేపు తన పిల్లలు మాట విననప్పుడు, జర్మన్‌లో పిలుస్తూ పిలుస్తూ ఆగి, గొంతు పెంచి హంగేరియన్‌లోకి మారుతుందా? నాకు తెలుసుకోవాలని ఉన్నది ఆ గడిలో ఏమి రాయవలసి వస్తుందన్నదే.